125552వ బ్లాకు విప్పి చూస్తే: బిట్‌కాయిన్ మైనర్లు చేసే లెక్క

ప్రశ్న: మైనర్లు "చాలా కష్టమైన గణిత సమస్యలు" సాల్వ్ చేస్తారని ప్రతి వీడియోలోనూ చెప్తారు. ఆ సమస్య ఏంటో మాత్రం ఎవరూ చెప్పరు. అసలు ఏం లెక్క వేస్తున్నారు, ఆ జవాబు ఎవరికి పనికొస్తుంది? ఇంత కరెంటు తగలేసే బదులు ఒక మంచి సర్వర్ పెట్టుకుంటే సరిపోదా?

జవాబు:

ఆ వీడియోల వాళ్లు చెప్పే గణిత సమస్య అంటూ ఏదీ లేదు. సమీకరణం లేదు, రహస్య కోడ్‌ని ఛేదించడం లేదు. 80 బైట్ల చిన్న డేటా ముక్కని షా-256 అనే హ్యాష్ ఫంక్షన్‌లో, అంటే ఏ డేటా ఇచ్చినా దాన్ని కలగాపులగం చేసి ఒకే పొడవున్న సంఖ్యగా మార్చే లెక్కలో, రెండుసార్లు వేస్తారు. వచ్చిన సంఖ్య ఒక హద్దు కంటే చిన్నదా అని చూస్తారు. కాకపోతే ఆ 80 బైట్లలో ఒకచోట కాస్త మార్చి మళ్లీ వేస్తారు. మైనింగ్ అంటే ఇంతే. హైస్కూల్ పిల్లాడికి కాగితం మీద చేయించదగ్గ లెక్క, కాకపోతే చెయ్యి నొప్పి పుడుతుంది. కష్టం అంతా ఎన్నిసార్లు చేయాలన్న దాంట్లోనే ఉంది.

నిజమైన బ్లాకు, అంటే లావాదేవీల కట్ట, ఒకటి తీసుకుని చూద్దాం. నేను ఎవరికి వివరించినా 125552వ బ్లాకునే వాడతాను. 2011 మే 21న, మన టైములో రాత్రి 10:56కి తయారైన బ్లాకు అది. అందులో ఉన్నవి నాలుగే లావాదేవీలు కాబట్టి విప్పి చూడటం తేలిక.

ఏ బ్లాకుకైనా పైన ఒక హెడర్ ఉంటుంది, సరిగ్గా 80 బైట్లు. అందులో మొదటి 4 బైట్లు వెర్షన్ నంబరు. తర్వాతి 32 బైట్లు ముందు బ్లాకు హ్యాష్. ఆ తర్వాత 32 బైట్లు మెర్కిల్ రూట్, అంటే బ్లాకులోని లావాదేవీలన్నిటినీ జతలు జతలుగా హ్యాష్ చేసుకుంటూ వెళ్తే చివరికి మిగిలే ఒకే ఒక్క హ్యాష్. ఏ లావాదేవీలో ఒక్క అక్షరం మారినా ఇది మారిపోతుంది. ఆ తర్వాత 4 బైట్ల సమయం, 4 బైట్లలో కుదించి రాసిన హద్దు, చివరగా 4 బైట్ల నాన్స్. ఈ నాన్స్‌కి అర్థం ఏమీ లేదు, మైనర్ ఇష్టమొచ్చినట్టు మార్చుకోవడానికి వదిలిన ఖాళీ.

ఈ కోడ్ మీ కంప్యూటర్‌లో నడిపి చూడండి. పైన చెప్పిన ఆరు భాగాలు అదే వరసలో ఉన్నాయి:

```python
import hashlib
h = bytes.fromhex(
  "01000000"
  "81cd02ab7e569e8bcd9317e2fe99f2de"
  "44d49ab2b8851ba4a308000000000000"
  "e320b6c2fffc8d750423db8b1eb942ae"
  "710e951ed797f7affc8892b0f1fc122b"
  "c7f5d74d" "f2b9441a" "42a14695")
x = hashlib.sha256(hashlib.sha256(h).digest()).digest()
print(x[::-1].hex())
```

స్క్రీన్ మీద ఇది రావాలి:

```
00000000000000001e8d6829a8a21adc5d38d0a473b144b6765798e61f98bd1d
```

ఇదే ఆ బ్లాకు హ్యాష్. ఏ బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో వెతికినా ఇదే కనిపిస్తుంది. మీరు ఇప్పుడు చేసింది అక్షరాలా ఒక మైనింగ్ ప్రయత్నం, అదీ గెలిచిన ప్రయత్నం. చివరి భాగంలో `42a14695` బదులు `43a14695` అని మార్చి మళ్లీ నడపండి. పాత జవాబుతో ఏ పోలికా లేని సంఖ్య వస్తుంది. హెడర్‌లో ఎక్కడ ఏం మారిస్తే హ్యాష్ చిన్నదవుతుందో ముందే చెప్పే పద్ధతి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. ఒక్కొక్కటీ వేసి చూసుకోవడమే దారి.

ఇక హద్దు. "ఇన్ని సున్నాలతో మొదలవ్వాలి" అని చెప్పడం వాడుక, కానీ అది సరిగ్గా నిజం కాదు. హెడర్‌లో `f2b9441a` అని ఉన్నదాన్ని తిరగేసి విప్పితే ఈ హద్దు వస్తుంది:

```
00000000000044b9f20000000000000000000000000000000000000000000000
```

హ్యాష్‌ని ఒక పెద్ద సంఖ్యగా చదివి, అది దీన్ని మించకుండా ఉందా అని చూస్తారు. పన్నెండు సున్నాల తర్వాత `43` వస్తే పాస్, `45` వస్తే ఫెయిల్. సున్నాలు రెండింటిలోనూ పన్నెండే. మన బ్లాకుకి పదహారు సున్నాలు వచ్చాయి, అంటే అవసరమైన దానికంటే దాదాపు 1,47,000 రెట్లు చిన్న సంఖ్య. దానివల్ల ఆ మైనర్‌కి అదనంగా ఒక్క పైసా రాలేదు. హద్దు లోపల పడితే చాలు, ఎంత లోపల అన్నది ఎవరూ అడగరు.

ఈ హద్దు లోపల పడాలంటే సగటున ఎన్నిసార్లు వేయాలి? సాధ్యమయ్యే మొత్తం హ్యాష్‌ల సంఖ్య 2^256ని హద్దుతో భాగిస్తే దాదాపు 1,050 లక్షల కోట్లు వస్తుంది. సెకనుకి కోటి హ్యాష్‌లు వేసే లాప్‌టాప్‌కి మూడేళ్లు దాటే పని. అది 2011 నాటి మాట. 2024 చివర్లో, హద్దు ఎంత చిన్నదో చెప్పే డిఫికల్టీ అనే కొలత 100 లక్షల కోట్లు దాటింది, అంటే ఆ బ్లాకు నాటికి 41 కోట్ల రెట్లు. అదే లాప్‌టాప్‌కి ఇప్పుడు 130 కోట్ల ఏళ్లకు పైనే పడుతుంది. "మా ఇంట్లో పీసీతో మైనింగ్ చేయొచ్చా" అని అడిగేవాళ్లకి నేను ఈ ఒక్క లెక్క చూపించి ఊరుకుంటాను.

ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటి ఉంది. నాన్స్‌కి ఉన్నది 4 బైట్లే కాబట్టి దాని విలువలు దాదాపు 429 కోట్లు, అంతే. 125552వ బ్లాకు రోజుల్లోనే ఆ 429 కోట్లూ వరసగా ప్రయత్నించేసినా హద్దు లోపల పడే అవకాశం రెండు లక్షల నలభై వేలలో ఒకటి. ఇప్పుడు సెకనుకి 200 లక్షల కోట్ల హ్యాష్‌లు వేసే యంత్రాలున్నాయి. అలాంటి యంత్రం ఒక నాన్స్ శ్రేణి మొత్తాన్ని సెకనులో నలభై ఆరు వేల సార్లు తినేస్తుంది. మరి నాన్స్ అయిపోయాక ఏం చేస్తారు?

మెర్కిల్ రూట్ మారుస్తారు. బ్లాకులో మొదటి లావాదేవీని కాయిన్‌బేస్ అంటారు. (ఆ పేరుతో ఉన్న కంపెనీకీ దీనికీ సంబంధం లేదు.) మైనర్ తన రివార్డుని తన అడ్రస్‌కి రాసుకునే లావాదేవీ అది, 2011లో ఆ రివార్డు 50 బిట్‌కాయిన్లు. అందులో ఇష్టమొచ్చిన బైట్లు పెట్టుకోవడానికి కాస్త చోటు ఉంటుంది. అక్కడ ఒక అంకె మారిస్తే కాయిన్‌బేస్ హ్యాష్ మారుతుంది, దాంతో మెర్కిల్ రూట్ మారుతుంది, కొత్త హెడర్ తయారవుతుంది, నాన్స్‌ని మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టొచ్చు. దీన్ని ఎక్స్‌ట్రా నాన్స్ అంటారు. హెడర్‌లోని సమయాన్ని కూడా కొంత పరిధిలో అటూ ఇటూ జరపొచ్చు. కొత్త యంత్రాలైతే వెర్షన్ ఫీల్డులో కొన్ని బిట్లను కూడా ఇందుకే వాడుకుంటాయి.

దీన్నుంచి ముఖ్యమైన సంగతి ఒకటి తేలుతుంది. మైనర్లందరూ ఒకే తాళానికి ఒకే తాళంచెవి వెతుకుతున్నారని అనుకుంటారు. అలా కాదు. నా కాయిన్‌బేస్‌లో నా అడ్రస్ ఉంటుంది, మీ దాంట్లో మీది. కాబట్టి నా హెడర్ వేరు, మీ హెడర్ వేరు. నాకు గెలుపు తెచ్చిన నాన్స్ మీ హెడర్‌లో పెడితే చెత్త వస్తుంది. అడ్రస్ మార్చి నా రివార్డు కొట్టేద్దామనుకుంటే హ్యాష్ మారిపోతుంది, పని మళ్లీ మొదటికి వస్తుంది. చాలామంది కలిసి పనీ రివార్డూ పంచుకునే మైనింగ్ పూల్‌లో చేరినవాళ్లు మోసం చేయలేకపోవడానికీ కారణం ఇదే. పూల్ ఇచ్చే పనిలో పూల్ అడ్రస్ ముందే కలిసి ఉంటుంది. గెలిచిన హెడర్ దొరికినా సభ్యుడు దాన్ని తన పేరు మీదకి మార్చుకోలేడు. కోపమొస్తే పంపకుండా దాచుకోగలడు, అంతవరకే.

ఇంకొక అపోహ ఉంది, అందరికంటే వేగమైన యంత్రం ఉన్నవాడే ప్రతిసారీ గెలుస్తాడని. గవ్వలాటలో ఇంతసేపు పందెం పడలేదు కాబట్టి ఈసారి పడి తీరుతుందని అనుకుంటాం చూడండి, అలాంటి భ్రమే ఇదీ. ఇప్పటిదాకా వేసిన హ్యాష్‌లు తర్వాతి హ్యాష్‌కి ఏమాత్రం సాయపడవు. తొమ్మిది నిమిషాలు కష్టపడినవాడూ, ఇప్పుడే యంత్రం ఆన్ చేసినవాడూ ఈ క్షణంలో ఒకే చోట ఉంటారు. అందుకే నెట్‌వర్క్ మొత్తం హ్యాష్‌లలో నూటికి రెండు వంతులు వేసేవాడు దీర్ఘకాలంలో నూటికి రెండు బ్లాకులు గెలుస్తాడు. "అందరికంటే వేగంగా పూర్తి చేయాలి" అనే రకం సమస్య పెట్టి ఉంటే, పెద్దవాడు ప్రతిసారీ గెలిచి చిన్నవాళ్లకి ఏమీ మిగిలేది కాదు. ఈ గుణానికి ఒక ఇబ్బంది కూడా ఉంది. బ్లాకు సగటున పది నిమిషాలకి ఒకటి వచ్చినా, గంట దాకా రాకపోవడం 400 బ్లాకులకి ఒకసారి, అంటే దాదాపు మూడు రోజులకోసారి జరుగుతుంది. పేమెంట్ పంపి గంటసేపు కన్ఫర్మ్ కాలేదని, అంటే ఏ బ్లాకులోకీ ఎక్కలేదని, టెన్షన్ పడేవాళ్లు ముందు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి. అది నెట్‌వర్క్ లోపం కాదు.

ఇక మీ అసలు ప్రశ్న, ఒక సర్వర్ పెట్టుకుంటే సరిపోదా? సరిపోతుంది. యూపీఐ నడిచేది అలాగే, మధ్యలో అందరూ నమ్మే సంస్థ ఒకటి ఉంటుంది. డబ్బు పంపడానికి ప్రూఫ్ ఆఫ్ వర్క్, అంటే ఈ హ్యాష్ పని, అవసరమే లేదు. ఖాతాలు ఆపే అధికారం, లెక్క దిద్దే అధికారం ఎవరి చేతిలోనూ ఉండకూడదని అనుకున్నప్పుడే చిక్కు వస్తుంది.

నా దగ్గర ఒక బిట్‌కాయిన్ ఉంది. దాన్ని మీకు ఇస్తున్నట్టు ఒక లావాదేవీ, మా తమ్ముడికి ఇస్తున్నట్టు ఇంకొకటి, రెండింటి మీదా సంతకం పెట్టి ఒకేసారి వదిలాను. సంతకాలు రెండూ నిజమైనవే. క్రిప్టోగ్రఫీ ఇక్కడ చేయగలిగింది ఏమీ లేదు. ఏది ముందు అన్నది తేలాలి. ఢిల్లీలో ఉన్న కంప్యూటర్‌కి మీ లావాదేవీ ముందు చేరొచ్చు, డల్లాస్‌లో ఉన్నదానికి తమ్ముడిది. టైమ్ రాసుకుందామంటే టైమ్ ఎవరైనా అబద్ధం రాయొచ్చు. ఓటింగ్ పెడదామంటే, ముక్కూ మొహం తెలియని నెట్‌వర్క్‌లో ఒక్కడే పదివేల కంప్యూటర్ల వేషం వేసుకుని రావచ్చు. ఐపీ అడ్రస్‌కి ఒక ఓటు అన్నా అంతే, అడ్రస్‌లు పోగేసుకున్నవాడిదే రాజ్యం.

వేషం వేయలేనిది ఒకటి కావాలి. 2008 అక్టోబర్ 31న సతోషీ నకమోటో పేరుతో వచ్చిన పత్రం ఇక్కడ హ్యాష్ పనిని పెట్టింది. ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. 1997లో ఆడమ్ బ్యాక్ స్పామ్ ఈమెయిళ్లని ఆపడానికి హ్యాష్‌క్యాష్ అని ఇలాంటిదే తెచ్చాడు. ఒక్క మెయిల్ పంపేవాడికి ఖర్చు తెలియదు, లక్షలు పంపేవాడికి తడిసి మోపెడవుతుంది. బిట్‌కాయిన్‌లో కొత్తగా చేసిందేమిటంటే ఆ పనిని ఒకదాని మీద ఒకటి పేర్చడం. ప్రతి హెడర్‌లో ముందు బ్లాకు హ్యాష్ ఉందని చెప్పాను కదా. 125552వ బ్లాకులో ఒక లావాదేవీ మార్చాలంటే మెర్కిల్ రూట్ మారుతుంది, హ్యాష్ మారుతుంది, ఆ 1,050 లక్షల కోట్ల పని మళ్లీ చేయాలి. అక్కడితో ఆగదు. 125553లో ఉన్న పాత హ్యాష్ ఇక చెల్లదు కాబట్టి దాన్నీ మళ్లీ చేయాలి, దాని తర్వాతదాన్నీ, ఇవాళ్టి వరకు ప్రతి బ్లాకునీ. మీరు వెనక నుంచి వస్తుంటే మిగతావాళ్లు ముందు కొత్తవి పేరుస్తూనే ఉంటారు. ఇలా పేర్చిన బ్లాకుల గొలుసులు రెండు కనిపించినప్పుడు నోడ్లు, అంటే వాటిని సరిచూసే నెట్‌వర్క్ కంప్యూటర్లు, ఎంచుకునేది బ్లాకులు ఎక్కువున్నదాన్ని కాదు, మొత్తం పని ఎక్కువున్నదాన్ని.

దాడి చేసేవాడి దగ్గర నెట్‌వర్క్‌లో పదో వంతు శక్తి ఉంటే, ఆరు బ్లాకులు వెనక నుంచి అందుకునే అవకాశం 0.024 శాతం అని ఆ పత్రంలోనే లెక్క ఉంది. ముప్పై శాతం ఉంటే ఐదు బ్లాకులకి కూడా 17.7 శాతం మిగులుతుంది. కన్ఫర్మేషన్లు, అంటే లావాదేవీ ఉన్న బ్లాకు నుంచి మొదలుపెట్టి పేరుకున్న బ్లాకులు, ఎన్నయితే చాలు అన్న ప్రశ్నకి ఒకే జవాబు లేకపోవడానికి కారణం ఇది. సగం దాటితే ఇక ఆపేది లేదు. చిన్న కాయిన్లలో ఇది నిజంగానే జరిగింది: 2018 మేలో బిట్‌కాయిన్ గోల్డ్ మీద, 2020 ఆగస్టులో ఎథీరియం క్లాసిక్ మీద. అల్గారిథమ్ బలహీనమై కాదు, సగానికి మించిన హ్యాష్ శక్తి ఆ కాయిన్లకి అద్దెకి దొరికేంత చవక కాబట్టి.

ఇంత పని ఎలాగూ చేస్తున్నప్పుడు ప్రోటీన్ల ఆకారాలో వాతావరణమో లెక్క వేయొచ్చు కదా అని తర్వాత అడుగుతారు. మంచి ప్రశ్నే. కానీ ఇక్కడి పనికి మూడు గుణాలు కావాలి. చేయడానికి లక్షల కోట్ల ప్రయత్నాలు పట్టినా, సరిచూడటం మీరు పైన చేసినట్టు ఒక్క క్షణంలో అయిపోవాలి. కష్టం ఎంతన్నది ఒక అంకెతో పెంచడం, తగ్గించడం కుదరాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ పని ఈ బ్లాకుకి మాత్రమే పనికిరావాలి. ప్రోటీన్ లెక్క జవాబు ఏ బ్లాకుకైనా అతికించొచ్చు, ముందే చేసి దాచుకోవచ్చు, దొంగ గొలుసుకీ వాడుకోవచ్చు. బయట అమ్ముకోగలిగే జవాబైతే దాడి విఫలమైనా దాడి చేసినవాడికి ఖర్చు తిరిగొస్తుంది. హ్యాష్ బయట ఎందుకూ పనికిరాదు కాబట్టే తప్పు గొలుసు మీద పెట్టిన కరెంటు బిల్లు అంతా నష్టమే. వృథా అని మీరంటున్నది ఇక్కడ భద్రతకి కట్టే ధర. ఆ ధర ఎక్కువే అని మీరంటే నేను వాదించను. ఎథీరియం 2022 సెప్టెంబర్‌లో దీన్ని వదిలేసి, డబ్బుని తాకట్టు పెట్టే పద్ధతికి మారింది.

"ఒక్కో లావాదేవీకి ఇంత కరెంటు" అనే లెక్కలు మాత్రం దారి తప్పిస్తాయి. 2021లో చైనా మైనింగ్‌ని అణచివేసినప్పుడు కొన్ని వారాల్లోనే నెట్‌వర్క్ శక్తి దాదాపు సగం పోయింది. బ్లాకులు నెమ్మదించాయి, సగటు పద్నాలుగు నిమిషాల దాకా వెళ్లింది. ప్రతి 2,016 బ్లాకులకోసారి నోడ్లు వెనక్కి చూసుకుని, రెండు వారాలకంటే ఎక్కువ పట్టి ఉంటే హద్దుని పెంచుతాయి, తక్కువ పట్టి ఉంటే తగ్గిస్తాయి. ఎవరూ మీటింగ్ పెట్టరు, హెడర్లలోని సమయాలు చూసి అందరూ ఒకే లెక్క వేసుకుంటారు. ఆ జూలై 3న డిఫికల్టీ దాదాపు 28 శాతం పడింది, బ్లాకులు మళ్లీ పది నిమిషాల దగ్గరకి వచ్చాయి. చాలా తక్కువ కరెంటుతో లావాదేవీలు మునుపటిలాగే సాగాయి. తగ్గింది గొలుసుని తిరగరాయడానికి పట్టే ఖర్చు.

చివరగా, ఈ పని ఏం రుజువు చేయదో కూడా చెప్పాలి. హెడర్ 80 బైట్ల మీద పని జరిగిందనే అది చెప్తుంది, లోపల ఉన్న లావాదేవీలు సరైనవని కాదు. ఆ తనిఖీ మైనింగ్ యంత్రం చేయదు, నోడ్ సాఫ్ట్‌వేర్ చేయాలి. 2015 జూలై 4న ఈ తేడా బయటపడింది. బీఐపీ 66 అనే నియమం అప్పుడే అమల్లోకి వచ్చింది; 95 శాతం మైనర్లు సిద్ధమని సంకేతం ఇచ్చాకే వచ్చింది. అప్‌గ్రేడ్ కాని ఒక మైనర్ చెల్లని బ్లాకు తయారుచేశాడు. కొన్ని క్షణాలు కలిసొస్తాయని కొందరు పెద్ద మైనర్లు బ్లాకు లోపల చూడకుండా, హెడర్ రాగానే దాని మీద తర్వాతిది మొదలుపెట్టేవాళ్లు. చెల్లని గొలుసు మీద అలా ఆరు బ్లాకులు పేరుకున్నాయి. ప్రతి దాంట్లోనూ అసలైన, పూర్తి పని ఉంది. అప్‌గ్రేడ్ అయిన నోడ్లు వాటన్నిటినీ తోసేశాయి, బ్లాకుకి 25 చొప్పున రాసుకున్న బిట్‌కాయిన్ల రివార్డులు గాలిలో కలిసిపోయాయి. హెడర్లు మాత్రమే చూసే తేలికపాటి వాలెట్లకి మాత్రం ఆ ఆరూ మంచి బ్లాకుల్లాగే కనిపించాయి. మామూలుగా కంటే 30 కన్ఫర్మేషన్లు ఎక్కువ ఆగమని వాటిని వాడేవాళ్లకి హెచ్చరిక పెట్టాల్సి వచ్చింది. మీరు ఫోన్ వాలెట్ వాడుతుంటే అది తన సొంత నోడ్‌తో మాట్లాడుతోందా, హెడర్లు మాత్రమే చూస్తోందా అన్నది సెట్టింగ్స్‌లో ఒకసారి చూసుకోండి.